నాలుగు వంపుల గొట్టం

చిమ్నీ గొంతు మారింది.

ఆ సంగతి ముందుగా పసిగట్టింది తులసే. ఇంట్లో మిగతావాళ్ళకి అది ఎప్పటి రొదే. ఆమెకి మాత్రం రోజులో సగం ఆ రొద కిందే గడుస్తుంది. కొన్నప్పుడు అది వరద నీటి హోరులా ఉండేది. ఇప్పుడు సన్నబడింది. గొంతుకి ఏదో అడ్డం పడ్డవాడు ఊపిరి పీల్చినట్టు ఈల వేస్తోంది.

కడాయిలో చేపముక్క తిరగేస్తూ తల పైకెత్తి చూసింది. చిమ్నీ అంచున గోధుమరంగు బొట్టు ఒకటి వేలాడుతోంది. పడదు, ఆరిపోదు. అలా చూస్తుండగానే జారి మణికట్టు మీద పడింది. కాలలేదు. జిగురుగా, చల్లగా ఉంది. అయినా తులసి ఒళ్ళు ఝల్లుమంది.

అరసవల్లి దారిలో మూడంతస్తుల మేడలో పైవాటా వాళ్ళది. మొగుడు గిరిబాబు జంక్షన్లో కర్రీ పాయింటు నడుపుతాడు. అన్నం, పప్పు, పులుసులు అక్కడే ఉడుకుతాయి. వేపుళ్ళన్నీ ఇంటి దగ్గర తులసి చెయ్యాల్సిందే. చేపలు, చికెన్ పకోడీ, దొండకాయ, కాకరకాయ, వడియాలు. ఒక్క ఆదివారం తప్పిస్తే పొయ్యి ఆరే రోజు లేదు. ఆదివారం సూర్యనారాయణమూర్తిది. ఆ పూట ఇంట్లో నీసు వాసన తగలడానికి వీల్లేదని అత్త సుభద్రమ్మ కట్టడి.

వంటగది ఎంతని? ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. అందులో మూడు పొయ్యిల స్టవ్వు. దాని మీద మొదట రెండడుగుల చిమ్నీ ఉండేది, మేడ కట్టినవాడు పెట్టి ఇచ్చింది. స్టవ్వేమో దానికన్నా అరడుగు వెడల్పు. పెద్ద కడాయి ఎడంపక్క పొయ్యి మీదే పడుతుంది. దాని పొగ సగం చిమ్నీ కిందకి పోక, పక్కనుంచి తప్పించుకుని ఇల్లంతా తిరిగేది. సుభద్రమ్మ దగ్గి దగ్గి మంచం పట్టీ పట్టుకుని కూర్చునేది. అప్పుడే గిరిబాబు థామస్‌ని పిలిచాడు.

థామస్‌ది గజపతినగరం. శ్రీకాకుళంలో చిమ్నీలు, గీజర్లు బిగించుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. గిరిబాబుకి పాత స్నేహితుడు. వచ్చీ రాగానే టేపు లాగి స్టవ్వు కొలిచాడు.

"పొయ్యి ఎంత ఎడల్పుంటే చిమ్నీ అంతకి తగ్గకూడదురా గిరీ. నువ్వు ఏపుళ్ళ ఏపారివి. ఇంకాస్త ఎక్కువే ఉండాలి. మూడడుగులది ఎయ్యి. ఈ పక్కన అర పీకేస్తే పడతాది."

"గొట్టం ఎటు?"

"ఇదిగో, ఎదరున్న గోడకే బెజ్జం. ఒక్క వంపు, మూరెడు పైపు. పొగ తిన్నగా బయటికి."

అక్కడే వచ్చింది చిక్కు. ఎదరున్నది తూరుపు గోడ. దాని అవతల చిన్న బాల్కనీ. రోజూ తెల్లారేసరికి సుభద్రమ్మ రాగి చెంబుతో నీళ్ళు పట్టుకుని అక్కడే నిలబడుతుంది. సూరీడు ఎర్రగా తేలీదాకా ఆగి, నీళ్ళు వదిలి, దణ్ణం పెట్టుకుని గానీ టీ ముట్టదు. పాతపట్నం వైపు పల్లెలో కాపరం చేసినన్నాళ్ళూ పొలం గట్టు మీద చేసిన పని. మొగుడు పోయి కొడుకు దగ్గరికి వచ్చాక ఆ బాల్కనీయే ఆమెకి పొలం గట్టు.

"నీసు పొగ సూరీడి మొకాన కొడతారేట్రా?" అంది సుభద్రమ్మ. "అరసవిల్లిలో ఇల్లు దొరికిందని సంబరపడింది ఇందుకా? ఈ గోడ ముట్టుకుంటే నేను ఊరెల్లిపోతాను."

థామస్ నవ్వాడు. "పెద్దమ్మా, ఆయన రోజూ ఎన్ని పొగలు సూడ్డం నేదు?"

"ఆయన సూస్తాడు. నేను సూపించను."

గిరిబాబు తల్లి మాట దాటడు. దాంతో గొట్టం పడమటికి తిరిగింది. చిమ్నీ నుంచి పైకి లేచి, గుమ్మం మీది అటకలోకి ఒక వంపు. అటక చివర దూలం అడ్డం వచ్చింది, కిందకి దిగడానికి ఇంకో వంపు. దూలం దాటి మళ్ళీ అడ్డంగా పోవడానికి మూడోది. అవతల బాత్రూముల పైపులు దిగే ఇరుకు షాఫ్టులో ఓ పెద్ద పైపు ఎదురొచ్చింది, దాన్ని తప్పించడానికి నాలుగోది. ముడతల అల్యూమినియం గొట్టం, ఎటు వంచితే అటు వంగుతుంది. దూలం కింద బిగువుగా లాగడానికి చోటు లేక, సంచి వేలాడినట్టు కడుపేసుకుని ఉండిపోయింది.

థామస్ నిచ్చెన దిగి బుర్ర గోక్కున్నాడు. "నాలుగు వంపులు ఎక్కువేరా. వంపు వంపుకీ కొంత లాగుడు సచ్చిపోతాది."

"అయితే పెద్ద మోటారు ఎయ్యి," అన్నాడు గిరిబాబు.

థామస్ ఒక క్షణం ఆగాడు. తులసి ఆ క్షణం చూసింది. అతను 'కాదు' అనబోయి మింగేశాడు. స్నేహితుడు తొందరపడుతున్నాడు, ముసలామె గుమ్మంలో కాపలా ఉంది, మధ్యాహ్నం ఇంకో ఇంట్లో పనుంది. "పదిహేనొందల లాగుడుది ఉన్నాది," అన్నాడు. "దాంతో సరిపోతాది."

పెట్టె మీద రాసిన ఆ పదిహేను వందలు, గంటకి లాగే గాలి ఘనమీటర్లలో, గొట్టం తగిలించకుండా కొలిచిన లెక్క. అది థామస్‌కి తెలుసు. తెలిసినా చెప్పలేదు.

మొదట్లో బాగానే లాగింది. సుభద్రమ్మ దగ్గు తగ్గింది. "సూసేవా, సూరీడే దారి సూపించేడు," అంది. తరవాత తరవాత చిమ్నీ గొంతు సన్నబడింది.

ఆ బొట్టు పడ్డ రోజే తులసి పేపరు ముక్క చింపి చిమ్నీ జల్లెడకి ఆనించింది. అంతకు ముందు అది టప్పున అతుక్కునేది. ఇప్పుడు కాస్త ఊగి, స్టవ్వు మీదికి జారిపోయింది. జల్లెడ తీసి వేడినీళ్ళలో సోడా వేసి కడిగింది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ జారింది. అంటే అడ్డం జల్లెడలో లేదు. లోపలెక్కడో ఉంది.

స్టూలెక్కి అటకలోకి చూసింది. పాత బొంతలు, సుభద్రమ్మ ఊరినుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టె, గోనెసంచులు. వాటి మధ్య నుంచి గొట్టం పాములా పడుకుని ఉంది. దూలం కింద వేలాడే చోట చెయ్యి పెట్టి పైకెత్తింది. బరువుగా ఉంది. గాలి పోవాల్సిన గొట్టానికి అంత బరువెందుకు? వదిలేసరికి లోపల ఏదో మెల్లగా అటూ ఇటూ కదిలింది. గబుక్కున చెయ్యి లాగేసుకుంది. అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆవిరై పోయిందనుకున్న నూనె ఎక్కడికీ పోలేదు. తన నెత్తి మీదే కూర్చుంది.

ఆ రాత్రి గిరిబాబు అన్నం తింటుంటే చెప్పింది.

"బావా, ఆ గొట్టంలో నూనె నిలబడిపోనాది. పొయ్యి ముట్టించాలంటే భయమేస్తన్నాది."

"నీకు భయమెయ్యందేటి? మొన్న మిక్సీ సూసి భయమన్నావు."

"అది షాకు కొట్టింది!"

"కొట్టింది సిన్న షాకే కదా." నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను కంచంలోకి చూస్తూ, "గంగులు మావ ఇంటి పెళ్ళి ఆర్డరు ఎల్లిపోనీ. థామస్‌ని పిలుస్తాను," అన్నాడు.

సుభద్రమ్మ మంచం మీదనుంచి, "పొగ ఇంట్లోకి రావడం నేదు కదే. మరేటి నీ బాద?" అంది.

"ఇంట్లోకి రాకపోవడం కాదత్తా, నూనె బయటికి పోకుండా ఉన్నాది. అదే బాద."

అప్పటినుంచి తులసి వంట చేస్తూ వంట చూడడం మానేసింది. పైకే చూసేది. అట్లకాడ కిందపడినా ఉలిక్కిపడేది. పెద్ద కడాయి మూత ఎప్పుడూ చేతికందేలా గట్టు మీద పెట్టుకునేది. పప్పు గిన్నె పెట్టుకోడానికి చోటు లేదని సుభద్రమ్మ దాన్ని తీసి అలమర్లో పెడితే, తులసి మళ్ళీ తెచ్చి పెట్టేది. "దీనికి మూత పిచ్చి పట్టింది," అనేది సుభద్రమ్మ.

పెళ్ళి ఆర్డరు రోజు వచ్చింది. చికెన్ పకోడీ, చేపల వేపుడు. పొద్దున్నించీ మూడు పొయ్యిలూ మండుతూనే ఉన్నాయి. చిమ్నీ ఈల వేస్తూనే ఉంది. పొగ లోపలికి ఎక్కలేక అంచు దగ్గర తచ్చాడి, గది పైన మబ్బులా నిలబడింది. అంచున బొట్లు వరసగా వేలాడుతున్నాయి.

చేపముక్కల్లో తడి పూర్తిగా ఆరలేదు. తులసికి తెలుసు. కింద పెళ్ళింటికి వెళ్ళాల్సిన వ్యాను ఆగి ఉంది, గిరిబాబు రెండుసార్లు ఫోను చేశాడు. వేసేసింది. నూనె ఒక్కసారిగా బుసకొట్టి లేచింది. కడాయి అంచు దాటి ఒక పాయ కిందకి దిగింది.

మంట కడాయి చుట్టూ ఎక్కి, పైకి లేచి, చిమ్నీ నోట్లోకి పోయింది. లాగుడు తక్కువే అయినా మంటకి ఆ కాస్త చాలు. జిడ్డు పట్టిన జల్లెడ భగ్గుమంది. అంచున వేలాడే బొట్లు ఒక్కొక్కటే దీపాలయ్యాయి.

తులసి వంగి, గట్టు కింద సిలిండరు రెగ్యులేటరు తిప్పేసింది. మూత అందుకుని, దాన్నే డాలులా ముఖానికి అడ్డం పెట్టుకుని, కడాయి మీదకి జరిపింది. కింద మంట చచ్చింది. పైన చావలేదు.

"ఒలమ్మో! ఒలమ్మో!" సుభద్రమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఫేను పెంచవే! పొగ బయటికి పోతాది!"

"వద్దత్తా! ఫేను లాగితే మంట లోపలికి పోతాది!"

ఆపేద్దామంటే చిమ్నీ బటన్లు మంట మధ్యనే ఉన్నాయి. తులసి అత్తని పక్కకి నెట్టి, హాలు దాటి, వీధి గుమ్మం పక్కనున్న మెయిను స్విచ్చి కిందకి లాగేసింది.

ఇల్లంతా నిశ్శబ్దం అయిపోయింది. ఫ్రిజ్జు ఆగింది, పంకా ఆగింది, ఈల ఆగింది. అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. అటకలోంచి. పెద్ద పిల్లి గుర్రుమన్నట్టు, మెల్లగా, అటునుంచి ఇటు కదులుతూ. మోటారు ఆగినా ఆగని చప్పుడు. గొట్టం కడుపులో నూనె అంటుకుంది.

ఇన్నాళ్ళూ తులసి భయపడింది దీనికే. భయపడ్డది నిజమైతే భయం తగ్గుతుందంటారు. తగ్గలేదు.

వంటగదిలోంచి సుభద్రమ్మ గొంతు. "నేను ఆర్పుతానుండు!" ఆమె చేతిలో రాగి చెంబుంది. పొద్దున్న సూరీడికి వదలగా మిగిలిన నీళ్ళు. కడాయి మీది మూత ఎత్తబోతోంది.

తులసి రెండంగల్లో వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. చెంబు నేల మీద పడి దొర్లింది. "కాగిన నూనెలో నీళ్ళు పోస్తావేటి? నీకూ నాకూ మొకాలు మిగలవు. నడు!"

"బొంతలే! ట్రంకుపెట్టిలో మీ మావ పంచె ఉన్నాదే!" సుభద్రమ్మ అటకవైపు చెయ్యి చాపింది.

అటకలో ఎర్రటి వెలుగు కదిలింది. పలచటి అల్యూమినియం కాలి చిల్లు పడ్డట్టుంది. మండుతున్న చుక్కలు బొంతల మీద రాలుతున్నాయి. తులసి అత్తని వెనకనుంచి రెండు చేతులా చుట్టేసి, ధాన్యం బస్తా ఈడ్చినట్టు ఈడ్చుకుంటూ బయటికి తెచ్చింది. వంటగది తలుపు మూసింది, వీధి తలుపు మూసింది. ఎదురువాటా లీలారాణి అప్పటికే మెట్ల మీద ఉంది. వాళ్ళ బాత్రూము కిటికీ ఆ షాఫ్టులోకే.

"తులసమ్మా, మా బాత్రూములోకి నల్లటి పొగ వస్తన్నాది! షాఫ్టులో ప్లాస్టికు పైపు కరుగుతన్నాది! ఫైరోళ్ళకి ఫోను చేసేను. దిగండి, దిగండి!"

కింద వ్యాను పక్కన నిలబడి సుభద్రమ్మ పైకి చూసింది. పడమటి గోడమీదుగా నల్లటి తాడులా పొగ లేచింది. తూరుపు బాల్కనీ మాత్రం శుభ్రంగా, ఎండలో మెరుస్తూ ఉంది.

ఫైరింజను వచ్చింది, వాళ్ళు ఎక్కారు, ఆర్పారు. అటక మసైంది. ట్రంకుపెట్టె నల్లబడింది గానీ లోపల పంచె పసుపు రంగుకి తిరిగి మిగిలింది. షాఫ్టులో పైపులు కరిగి వంగిపోయాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు. జంక్షన్నుంచి పరిగెత్తుకొచ్చిన గిరిబాబు మెట్ల మీద కూలబడ్డాడు. పెళ్ళాం చేతులు తిప్పి తిప్పి చూస్తూ, "కాలిందా? ఎక్కడా కాలనేదు కదా?" అని అడిగిందే అడిగాడు. తులసికి వణుకు అప్పుడు మొదలైంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం లీలారాణి దుప్పటి తెచ్చి కప్పింది.

థామస్ సాయంత్రం వచ్చాడు. కాలిన గొట్టం ముక్కని నేల మీద పెట్టి చూశాడు. వంపు దగ్గర తారులాంటి నూనె గట్టిపడి, దారి పిడికెడే మిగిలి ఉంది.

"నేను సెప్పుండాలిరా," అన్నాడు. "మోటారు ఎంత పెద్దదైనా ఇన్ని వంపులు తిప్పితే లాగనేదని. పెద్ద మోటారు పెట్టి ఎక్కువ నూనె పంపించేను, అంతే. అది పోనేక ఇక్కడ కూకుంది."

"నేనే కదా పెద్ద మోటారు ఎయ్యమన్నాను," అన్నాడు గిరిబాబు.

సుభద్రమ్మ గొట్టం ముక్క పక్కన కూర్చుంది. చీపురుపుల్లతో వంపులో గట్టిపడ్డదాన్ని గీకింది. చాలాసేపు గీకింది.

"మా నాన్న కాలవ తవ్వేటప్పుడు ఒకటే అనేవోడు. తిన్నగా తవ్వండ్రా, వంపు ఉన్నచోట ఒండు మేటేస్తాది, సివరి మడికి నీరందదని." పుల్ల కింద పడేసింది. "ఎరిగుండే తిప్పించేను."

ఆమె లేచి వంటగదిలోకి వెళ్ళింది. మసి పట్టిన తూరుపు గోడ మీద చెయ్యి ఆనించింది.

"థామసూ, బెజ్జం ఇక్కడ కొట్టు."

"పెద్దమ్మా, మరి..."

"ఆయనకి మంట కొత్తేటి, పొగ కొత్తేటి? కోడలు కాలిపోతే నేను ఏ మొకం పెట్టుకుని నీళ్ళొదల్ను?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గొట్టం మూతి మాత్రం బాల్కనీ కమ్మీల అవతలకి పెట్టు. నేను ఈ మూలకి జరిగి నిలబడతాను."

కొత్తది బిగించారు. వెడల్పు అదే మూడడుగులు. మోటారు మాత్రం పాతదానికంటే చిన్నది. గిరిబాబు అనుమానంగా చూస్తే థామస్, "దారి తిన్నగా ఉంటే సిన్న ఎద్దే బండి లాగుతాది," అన్నాడు. ఈసారి ముడతల గొట్టం కాదు. నున్నటి రేకు గొట్టం, చిమ్నీ మూతి ఎంతుందో అంత లావు, ఎక్కడా సన్నం కాకుండా. చిమ్నీ మీద ఒకే ఒక్క వంపు, అక్కడనుంచి గోడలోకి. పట్టిన నూనె వెనక్కి రాకుండా, వాన లోపలికి దిగకుండా బయటికి కాస్త వాలు. ఆ వంపు దగ్గర విప్పి తుడుచుకోడానికి క్లిప్పులు కూడా పెట్టాడు. జల్లెడ వారం వారం కడగమన్నాడు. కిటికీ ఓరగా తెరిచి ఉంచమన్నాడు, లోపలికి గాలి రాకపోతే చిమ్నీ మాత్రం ఏం లాగుతుందని.

తులసి పేపరు ముక్క ఆనించింది. టప్పున అతుక్కుంది. గొంతు వింది. హోరు. వరద నీటి హోరు.

అయినా లైటరు నొక్కడానికి చెయ్యి రాలేదు. గట్టు ముందు నిలబడి ఉంది. కడాయిలో నూనె నిశ్చలంగా, అద్దంలా ఉంది. అందులో చిమ్నీ తలకిందులుగా కనిపిస్తోంది. దాని నల్లటి నోట్లోంచి ఏదో గుర్రుమంటున్నట్టే ఉంది. గిరిబాబు జంక్షన్‌కి వెళ్ళిపోయాడు. 'ఇంకో రోజు చేస్తాను' అందామంటే, రేపటికి మాత్రం ఈ భయం ఎక్కడికి పోతుంది?

వెనక పీట జరిగిన చప్పుడైంది. సుభద్రమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. చేప ముక్కల పళ్ళెం ముందు పెట్టుకుని, పాత చీర ముక్కతో ఒక్కొక్క ముక్కనీ అద్ది తడి తీస్తోంది. ఎన్నడూ నీసు ముట్టని మనిషి. ముక్కు పక్కకి తిప్పుకునే అద్దుతోంది. ఒళ్ళో పెద్ద కడాయి మూత ఉంది.

"ఏటి సూస్తన్నావు?"

"భయమేస్తన్నాదత్తా."

"నాకు మాత్రం ఎయ్యడం నేదనుకున్నావేటి?" మూత కాడ గట్టిగా పట్టుకుంది సుభద్రమ్మ. "మూత నా సేతిలో ఉన్నాది. ఎలిగించు."

తులసి లైటరు నొక్కింది.